మింగగలడా?

మా అమ్మ నా నోట్లో చక్కెర పోసింది. ప్రేమతోనే పోసింది. ఆ రాత్రి నాకు ఎక్కువ హాని చేసింది షుగర్ తగ్గడమా, ఆ చక్కెరా అంటే ఇప్పటికీ చెప్పలేను.

నాకు 19 ఏళ్ళప్పుడు టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. ఇప్పుడు 43. మాది అనంతపురం, ఉద్యోగానికి బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. రాత్రిపూట ఒక లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్, అన్నానికి ముందు ఫాస్ట్ యాక్టింగ్ ఇన్సులిన్. ఇరవై ఏళ్ళు దాటేసరికి డాక్టర్ కన్నా నాకే ఎక్కువ తెలుసన్న పొగరు వచ్చేసింది.

ఆ ఆదివారం సాయంత్రం రెండు గంటలు షటిల్ ఆడాను. ఎనిమిదిన్నరకు ముద్ద, పప్పు తిని 8 యూనిట్లు వేసుకున్నా. పదింబావుకు చూస్తే 236. చిరాకేసి ఇంకో 4 యూనిట్లు పొడుచుకుని పడుకున్నా. తప్పు అక్కడే జరిగింది. ఫాస్ట్ యాక్టింగ్ ఇన్సులిన్ దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. మొదటి 8 యూనిట్లలో సగానికి పైగా ఒంట్లో ఉండగానే దాని మీద ఇంకో డోసు ఎక్కించాను. పైగా ఆట ఆడిన కండరాలు ఆ రాత్రంతా చక్కెర పీలుస్తూనే ఉంటాయి.

రెండున్నర దాటాక మా ఆవిడకు మెలకువ వచ్చిందట. నా బనియన్ పిండితే నీళ్ళు కారేలా ఉంది, పళ్ళు గిట్టకరచి చేతులు విసురుతున్నానట. వేలు గుచ్చి చూస్తే 31. అమ్మ వంటింట్లోకి పరిగెత్తి చక్కెర డబ్బా తెచ్చి, పళ్ళ సందుల్లో రెండు చెంచాలు కుక్కి నీళ్ళు పోసింది. పొలమారింది. దగ్గు, గురక లాంటి శబ్దం, ముఖం నల్లబడింది. పక్కింటాయన వచ్చి "షుగర్ ఎక్కువై ఉంటుంది, ఇన్సులిన్ వేయండి" అన్నాడట. మా ఆవిడ వినకపోబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. 108లో ఆసుపత్రికి తీసుకెళ్తే 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కించారు. ఐదు నిమిషాల్లో కళ్ళు తెరిచి "ఆఫీసుకు లేటవుతుంది" అన్నానట. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళ వల్ల జ్వరం, దగ్గు తగ్గడానికి పది రోజులు పట్టింది.

డిశ్చార్జి కాగితంలో మందులన్నీ ఉన్నాయి గానీ, మళ్ళీ ఇలా అయితే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఆ మాట చెప్పింది మరో చోట పనిచేసే డయాబెటిస్ ఎడ్యుకేటర్ ఒకామె. అమ్మ, మా ఆవిడ, పన్నెండేళ్ళ మావాడు, ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టి, మీటర్ తీయకముందే అడగాల్సింది ఒకే ప్రశ్న అంది: మింగగలడా?

గ్లాసు చేతికిస్తే పట్టుకుని, చెప్పినమాట విని, గుటక వేయగలిగితే చక్కెరే మందు. నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగిస్తే దాదాపు 15 గ్రాములు. పదిహేను నిమిషాలాగి మళ్ళీ వేలు గుచ్చాలి, 70 దాటకపోతే ఇంకో గ్లాసు. చాక్లెట్, లడ్డు పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. మాట పిచ్చిగా ఉన్నా, "నాకేం కాలేదు, పొండి" అని కసురుకున్నా, మింగగలిగితే తాగించాల్సిందే. (నేను కసురుకుంటానని మావాడు వెంటనే సాక్ష్యం చెప్పాడు.)

మింగలేకపోతే నోట్లో ఏమీ పెట్టకూడదు. "బుగ్గలో తేనె రాస్తే?" అని అమ్మ అడిగింది. చక్కెర పేగులకు చేరితేనే రక్తంలోకి పోతుంది, బుగ్గలోంచి దాదాపు ఏమీ ఎక్కదు, గొంతుకు మాత్రం అడ్డం పడుతుంది అందామె. అప్పుడు చూపించింది గ్లూకగాన్ కిట్. మన కాలేయం గ్లైకోజెన్ రూపంలో చక్కెర దాచుకుంటుంది. దాన్ని బయటికి తీసే హార్మోన్ గ్లూకగాన్. ఇన్సులిన్ లోపలికి నెట్టేదైతే, ఇది లోపల దాచింది బయటికి లాగేది. అందుకే ఉపవాసం చేసి కాలేయం ఖాళీ అయినా, మద్యం తాగి ఉన్నా దీన్ని నమ్ముకోలేం, అంబులెన్సే దిక్కు. దీంట్లోనే ముక్కులో కొట్టే పొడిని అమెరికాలో 2019లో ఆమోదించారు, కానీ మా మెడికల్ షాపులో తెప్పించగలిగింది సూదిమందే.

పెట్టెలో 1 మిల్లీగ్రాము పొడి ఉన్న చిన్న సీసా, నీళ్ళు నింపిన సిరంజి ఉంటాయి. నీళ్ళన్నీ సీసాలోకి నెట్టి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, కరిగాక మొత్తం వెనక్కి లాగి, తొడ పక్కభాగంలో పొడవాలి. కలిపాక దాచిపెట్టకూడదు, వెంటనే వాడాలి. వేశాక మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వాంతి రావచ్చు గనక. ఎక్స్‌పైరీ అయిన ఒక కిట్‌ను ఆమె మాకిచ్చింది. ముగ్గురూ తలో సిరంజీతో నారింజపండును పొడిచారు. అమ్మ చేతులు కీళ్ళనొప్పులతో వణుకుతాయి, సీసా పట్టలేకపోయింది. "నేను కాలు పట్టుకుంటా, నువ్వు పొడిచెయ్" అని మనవడికి పని అప్పగించేసింది.

ఎనిమిది నెలలకు ఆ పని పడింది. మధ్యాహ్నం 7 యూనిట్లు వేసుకున్నాక ఆఫీసు ఫోన్ వచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడాను, కంచం ముందరే ఉంది. ఎప్పుడు జారిపోయానో నాకు గుర్తు లేదు. మా ఆవిడ ఆఫీసులో ఉంది. మావాడు వచ్చి "నాన్నా, గ్లాసు పట్టుకో" అన్నాడట. చెయ్యి జారి ఒళ్ళో పడింది. "అవ్వా, మింగడు" అన్నాడట. అంతే. అమ్మ చక్కెర డబ్బా వైపు వెళ్ళలేదు. 108కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి, లుంగీ పైకి లాగి కాలు అదిమి పట్టుకుంది. వాడు పొడి కలిపి వేశాడు. కలిపేటప్పుడు తొందరలో సగం నీళ్ళే నెట్టి, మళ్ళీ మిగతావి నెట్టాడట. పక్కకు తిప్పి పడుకోబెట్టారు.

పన్నెండు నిమిషాలకు నేను కదిలాను. మొదట కనిపించింది అమ్మ పాదాల పక్కన పడి ఉన్న నారింజరంగు పెట్టె. తర్వాత వాంతి. అంబులెన్సువాళ్ళు వచ్చేసరికి మీటర్ 88 చూపిస్తోంది. కాస్త కుదుటపడ్డాక చక్కెరనీళ్ళు, ఆపైన అన్నం పెట్టారు. కాలేయంలో ఉన్న నిల్వ ఖర్చయిపోయింది, మళ్ళీ నింపకపోతే కొద్దిసేపటికి ఇంకోసారి పడిపోతాం అని ఎడ్యుకేటర్ ముందే చెప్పింది.

తర్వాత డాక్టర్ లాంగ్ యాక్టింగ్ డోసు తగ్గించి, కొన్ని వారాలు షుగర్ కాస్త ఎక్కువగానే ఉంచుకోమన్నారు. తరచూ తగ్గుతూ ఉంటే చెమట, వణుకు లాంటి హెచ్చరికలు ఆగిపోతాయట. కొంతకాలం తగ్గకుండా చూసుకుంటే అవి తిరిగి వస్తాయట. నాకు వచ్చాయి. ఇప్పుడు 65కే చేతులు వణుకుతాయి, దానికి సంతోషిస్తున్నా.

కొత్త కిట్ ఫ్రిజ్ తలుపులో ఉంది. దానిమీద ఇంగ్లీషులో ఉన్న ఎక్స్‌పైరీ తేదీ అమ్మకు చదవడం రాదు. మావాడి చేత చదివించుకుని, తెలుగు క్యాలెండర్‌లో ఆ నెల పేజీ వెతికి ఎర్రపెన్నుతో సున్నా చుట్టించింది. ఆ పేజీ రావడానికి ఇంకా ఏడు నెలలుంది.