కరెంట్ గ్రాఫ్ వాలు నుంచి ఈఎంఎఫ్: రెండు కాయిళ్ల ప్రయోగం ఇప్పటిదాకా

ఫిజిక్స్ పరీక్షల్లో ఒక లెక్క మాటిమాటికీ వస్తుంటుంది. కాయిల్‌లో కరెంట్ కాలంతో ఎలా మారుతోందో గ్రాఫ్ ఇస్తారు, ప్రేరిత ఈఎంఎఫ్ గ్రాఫ్ గీయమంటారు. కాగితం మీద అది రెండు నిమిషాల పని. అదే లెక్కను ఆసిలోస్కోప్ తెర మీద చూడాలని, ఆ గ్రాఫ్ నుంచే స్వయం ప్రేరకత్వాన్నీ అన్యోన్య ప్రేరకత్వాన్నీ రాబట్టాలని మొదలుపెట్టాను.

కాయిళ్లు

40 మి.మీ. బయటి వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం మీద ప్రైమరీని ఒకే పొరలో 200 చుట్లు చుట్టాను. ఎనామిల్‌తో కలిపి తీగ మందం 0.5 మి.మీ. కాబట్టి చుట్ట పొడవు 100 మి.మీ. వచ్చింది. దీని నిరోధం 2.75 ఓమ్‌లు. దాని మీద టేపు వేసి, సరిగ్గా నడుమ 20 మి.మీ. మేర సన్న తీగతో 100 చుట్ల సెకండరీ వేశాను. కోర్ లేదు, లోపల గాలే. ఇనుము పెట్టకపోవడానికి కారణం ఉంది. గాలి కోర్‌లో L, M కరెంట్‌ను బట్టి మారవు. అప్పుడే `e = -M di/dt` అనే సూత్రాన్ని నమ్మి లెక్క వేయొచ్చు.

పొడవాటి సోలినాయిడ్ సూత్రం `μ0 N² A / l` వాడితే ప్రైమరీకి 0.65 మిల్లీహెన్రీ వస్తుంది. కానీ ఈ కాయిల్ పొడవు వ్యాసానికి రెండున్నర రెట్లే. చివర్లలో క్షేత్రం బయటికి విచ్చుకుపోతుంది. ఇలాంటి పొట్టి కాయిళ్లకు హంతారో నగవోకా 1909లో దిద్దుబాటు గుణకాలు ఇచ్చాడు. మన ఆకారానికి అది సుమారు 0.85. అంటే నిజంగా ఆశించాల్సింది 0.55 మిల్లీహెన్రీ. సెకండరీ నడుమ ఉంది కాబట్టి అక్కడి క్షేత్రం మీద చివర్ల ప్రభావం తక్కువ. M లెక్కకు సుమారు 0.3 మిల్లీహెన్రీ తేలింది.

సర్క్యూట్

ఫంక్షన్ జనరేటర్‌ను త్రిభుజ తరంగానికి పెట్టి, ప్రైమరీతో శ్రేణిలో 47 ఓమ్‌ల రెసిస్టర్ కలిపాను. జనరేటర్ లోపల ఉండే 50 ఓమ్‌లు, కాయిల్ నిరోధం కలిపితే మొత్తం దాదాపు 100 ఓమ్‌లు. లోడ్ లేనప్పుడు 10 వోల్టుల పీక్ ఇస్తే కరెంట్ +100 నుంచి -100 మిల్లీఆంపియర్ల మధ్య తిరుగుతుంది. ఆ 47 ఓమ్‌లది తీగ చుట్టిన రకం కాకూడదు. దానికి సొంత ప్రేరకత్వం ఉంటుంది, కొలతలో కలిసిపోతుంది. మెటల్ ఫిల్మ్ రకం, అర వాట్‌ది సరిపోయింది.

గ్రౌండ్ క్లిప్ సంగతి ముందే చూసుకోవాలి. చాలా జనరేటర్ల గ్రౌండ్, స్కోప్ గ్రౌండ్ రెండూ ఎర్త్ ద్వారా కలిసే ఉంటాయి. క్లిప్‌ను కాయిల్‌కీ రెసిస్టర్‌కీ మధ్య తగిలిస్తే కింద ఉన్న భాగం షార్ట్ అయిపోతుంది. తెర మీద వోల్టేజ్ సున్నాకు పడిపోవడమే దాని గుర్తు. అందుకే రెసిస్టర్‌ను గ్రౌండ్ వైపు పెట్టి, CH1తో దాని మీద వోల్టేజ్ చూశాను. దాన్ని 47తో భాగిస్తే కరెంట్. సెకండరీకి ప్రైమరీతో తీగ సంబంధం లేదు కాబట్టి దాన్ని నేరుగా CH2కి ఇచ్చాను.

మొదటి తెర: త్రిభుజం కింద చతురస్రం

ఫ్రీక్వెన్సీ 1 కిలోహెర్ట్జ్. అర చక్రం 0.5 మిల్లీసెకన్లలో కరెంట్ 0.2 ఆంపియర్లు మారుతోంది. వాలు సెకనుకు 400 ఆంపియర్లు. CH2లో కనిపించింది అటూ ఇటూ 118 మిల్లీవోల్టుల చతురస్ర తరంగం. `M = 0.118 / 400`, అంటే 0.295 మిల్లీహెన్రీ. అంచనాకు దగ్గరగానే ఉంది.

ఇక్కడ కాసేపు ఆగి చూడాల్సింది ఉంది. కరెంట్ సున్నా దాటే చోట ఈఎంఎఫ్‌లో ఏ మార్పూ లేదు, అదే 118 మిల్లీవోల్టులు. కరెంట్ గరిష్ఠంగా ఉండే శిఖరం దగ్గర మాత్రం గుర్తు తిరగబడింది. కరెంట్ ఎక్కువుంటే ఈఎంఎఫ్ ఎక్కువ అనుకునేవాళ్లకు ఈ ఒక్క తెర చూపిస్తే చాలు. తెర మీద గుర్తు ప్లస్సో మైనస్సో మాత్రం నమ్మొద్దు. సెకండరీ కొసలు మార్చి తగిలిస్తే అది తలకిందులవుతుంది. సూత్రంలోని మైనస్‌ను లెంజ్ నియమంతో, చుట్టిన దిశతో కలిపి చదవాలి.

చతురస్రం మూలలు కాస్త గుండ్రంగా ఉన్నాయి. కారణం L/R, అంటే 0.55 మిల్లీహెన్రీని 100 ఓమ్‌లతో భాగిస్తే వచ్చే 5.5 మైక్రోసెకన్లు. 500 మైక్రోసెకన్ల అర చక్రంలో అది లెక్కలోకి రాదు. ఫ్రీక్వెన్సీని 20 కిలోహెర్ట్జ్‌కు పెంచితే అర చక్రం 25 మైక్రోసెకన్లే. అప్పుడు చదునైన భాగం పెద్దగా మిగలదు.

వాలు ఎలా తీయాలి

స్కోప్ డేటాను ఫైలుగా దించుకుని, పక్కపక్క బిందువుల తేడాతో వాలు తీస్తే అంతా గందరగోళమే. నా స్కోప్ 8 బిట్లది. 10 వోల్టుల పరిధిలో ఒక మెట్టు 40 మిల్లీవోల్టులు, అంటే 0.85 మిల్లీఆంపియర్లు. మైక్రోసెకనుకో బిందువు ఉంటే, ఒక్క మెట్టు తేడాకే వాలు సెకనుకు 850 ఆంపియర్లు అయి కూర్చుంటుంది. అసలు వాలేమో 400! అందుకే మూలలు వదిలేసి, నడుమ 0.4 మిల్లీసెకన్ల సరళ భాగానికి ఒకే గీత సరిపెట్టాను. అదే ఒక్క మెట్టు పొరపాటు అక్కడ సెకనుకు 2 ఆంపియర్లకు తగ్గిపోతుంది. పరీక్ష గ్రాఫ్‌లో రెండు మూల బిందువులు తీసుకుని భాగించడం ఎందుకు పనిచేస్తుందో దీంతో తెలుస్తుంది: ఆ గీతలో నాయిస్ లేదు.

స్వయం ప్రేరకత్వం

దీనికి కాయిల్‌నూ రెసిస్టర్‌నూ స్థానాలు మార్చి, కాయిల్‌ను గ్రౌండ్ వైపు తెచ్చాను. రెండు ఛానెళ్ల తేడా తీసి చూడొచ్చు గానీ, దాదాపు సమానమైన రెండు పెద్ద వోల్టేజీల నుంచి చిన్నది తీయాలంటే 8 బిట్లు చాలవు. కాయిల్ మీద వోల్టేజ్ `iR + L di/dt`. మొదటి భాగం త్రిభుజం, రెండోది చతురస్రం. అందువల్ల తెర మీద వాలుగా ఎక్కుతూ, కరెంట్ శిఖరం దగ్గర ఒక్కసారిగా కిందికి దూకే ఆకారం వచ్చింది. ఆ దూకుడులో iR మారదు, వాలు మాత్రం +400 నుంచి -400కు మారుతుంది. కాబట్టి దూకుడు ఎత్తు `2L × 400`. మూల గుండ్రం కాబట్టి రెండు వైపుల గీతలనూ శిఖరం దాకా పొడిగించి కొలిచాను: 0.43 వోల్టులు. L 0.54 మిల్లీహెన్రీ. కాయిల్ నిరోధాన్ని విడిగా తీసేయాల్సిన పనే లేకపోవడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది.

వంకర త్రిభుజం

జనరేటర్‌లో సిమెట్రీని 20 శాతానికి తిప్పాను. కరెంట్ 0.2 మిల్లీసెకన్లలో ఎక్కి, 0.8 మిల్లీసెకన్లలో దిగుతుంది. వాలులు 1000, -250. సెకండరీలో ఒక వైపు 295 మిల్లీవోల్టుల సన్నని స్తంభం, మరో వైపు 74 మిల్లీవోల్టుల వెడల్పాటి దిమ్మె. ఎత్తును వెడల్పుతో గుణిస్తే రెండూ 59 మైక్రోవోల్ట్-సెకన్లే. ఆ వైశాల్యం `M × Δi`, ఎక్కినా దిగినా Δi అంతే 0.2 ఆంపియర్లు. ఈఎంఎఫ్ గ్రాఫ్ గీశాక సరిచూసుకోవడానికి ఇది మంచి పద్ధతి. కరెంట్ మొదలైన విలువకే తిరిగొస్తే, పైనున్న వైశాల్యం కిందున్నదానికి సమానం కావాలి.

తర్వాత సిమెట్రీని మళ్లీ 50 శాతానికి తెచ్చి, రెండు కాయిళ్ల పాత్రలు మార్చాను. సెకండరీ నిరోధం 8.7 ఓమ్‌లు కావడంతో కరెంట్ పీక్ 94.6 మిల్లీఆంపియర్లకు, వాలు 378కు తగ్గింది. 200 చుట్ల వైపు 112 మిల్లీవోల్టులు వచ్చాయి. M మళ్లీ 0.296 మిల్లీహెన్రీ.

ఇక ఫెర్రైట్ కడ్డీ దూర్చి చూడాలి. L పెరిగితే L/R కూడా పెరిగి మూలలు ఇంకా గుండ్రమవుతాయి. అందుకే ఆ విడతను 200 హెర్ట్జ్ దగ్గర మొదలుపెడతాను.