మిద్దెతోట ఉత్తరాలు: ఆరో నెల లెక్క

శని, ఆదివారాల్లో మిద్దెతోటలు పెట్టించే పని చేస్తుంటాను. ఇప్పటిదాకా తోట పెట్టించుకున్నవాళ్లు 41 మంది. కొటేషన్ తీసుకుని "ఆలోచించి చెప్తామండీ" అన్నవాళ్లు 27 మంది. అందరికీ నెలలో మొదటి శనివారం ఓ ఈమెయిల్ పంపుతున్నాను. మొన్నటితో ఆరు పూర్తయ్యాయి.

మొదటి రెండింటికీ ఒక్క జవాబూ రాలేదు. పాత కస్టమర్ ఒకాయనకి ఫోన్ చేస్తే "ఏ ఉత్తరమండీ?" అన్నారు. వెతికితే స్పామ్‌లో దొరికింది. నా జీమెయిల్‌కే ఒకటి పంపుకుని, మూడు చుక్కల మెనూలో Show original నొక్కి చూశాను. నా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే SPF రికార్డు ఎదురుగా PASS బదులు PERMERROR అని ఉంది, అంటే ఆ రికార్డులోనే తప్పుందన్నమాట. నా మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో నడుస్తుంది. డొమైన్ కొన్నప్పుడే హోస్టింగ్ వాళ్లు ఒక SPF రికార్డు పెట్టారు, అది గమనించకుండా గూగుల్ది ఇంకోటి కలిపాను. ఒక డొమైన్‌కి రెండు ఉంటే అసలు ఒక్కటీ లేనట్టే లెక్క. రెండూ తీసేసి ఒకే వరుసగా రాశాను:

```
v=spf1 a mx include:_spf.google.com ~all
```

మర్నాడు మళ్లీ చూస్తే PASS వచ్చింది.

మూడోది ఇన్‌బాక్స్‌కి చేరింది గానీ నేనే చెడగొట్టుకున్నాను. కొత్తవాళ్లకి 10 శాతం తగ్గింపు అని రాసి అందరికీ పంపేశాను. "మేం పూర్తి ధర కట్టాం కదండీ, మరి మాకో?" అని ఒకావిడ అడిగారు. సమాధానం చెప్పలేకపోయాను. అప్పట్నుంచి జాబితా రెండుగా విడగొట్టాను. తగ్గింపుల మాట ఎత్తడమే మానేశాను.

నాలుగో ఉత్తరంలో నా పని గురించి ఒక్క ముక్క లేదు. మందారం కొమ్మ మీద పిండినల్లి ఫొటో ఒకటి, దాని కింద మందు: లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త సబ్బునీళ్లు, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. చివర్లో "మీ మందారం ఎలా ఉంది?" అని అడిగాను. ఆరుగురు జవాబిచ్చారు, ఐదుగురు ఫొటోలు పంపారు. ఒకరు మాత్రం మందారం సంగతి వదిలేసి, వాళ్ల అక్కగారింటి మిద్దె కొలతలు పంపారు!

కొటేషన్ దగ్గర ఆగినవాళ్లకి ఇంట్లో మందారమే ఉండకపోవచ్చు. అందుకే వాళ్లకి పైన రెండు వాక్యాలు మారుస్తాను: నీళ్లు నిలిచే మూల ఉందన్నారు కదా, అది బాగు చేయించారా, అని. దీనికోసం షీట్‌లో ప్రతి పేరు పక్కన, చూడ్డానికి వెళ్లినప్పుడు వాళ్లన్న మాట ఒకటి రాసుకుంటాను. 27 మందికి మార్చడానికి గంటన్నర పడుతుంది.

ఎంతమంది తెరిచారన్న అంకె చూడటం మానేశాను. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లకి, మనిషి చదవకపోయినా బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి, తెరిచినట్టే పడుతుంది. నేను లెక్కపెట్టేది జవాబులే. నాలుగో నెల 6, ఐదో నెల 4, ఈ నెల 7. ఈ ఏడింటిలో ఒకటి "ఇక పంపొద్దండీ" అని. ఆ పేరు ఆ రోజే తీసేశాను.