సెమిలిగూడ చలిలో గడ్డ పెరుగు

నిన్న పొద్దున గిన్నె వంచి చూస్తే పెరుగు కదల్లేదు. మూడు వారాల తర్వాత మొదటిసారి. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. అక్కడ రాత్రి గోరువెచ్చని పాలల్లో అర చెంచా తోడు వేసి మూత పెడితే తెల్లారేసరికి గడ్డ పెరుగు. నవంబరులో మావారికి బదిలీ అయి కోరాపుట్ జిల్లా సెమిలిగూడ వచ్చాం. డిసెంబరు వచ్చేసరికి, రాత్రి తొమ్మిదింటికి తోడు పెట్టిన పాలు పొద్దున కూడా పాలలాగే ఉండేవి. ఎండలో పెడితే సాయంత్రానికి ఏదో తోడుకునేది.

పాలు పోసే ఆయనను అనుమానించి గట్టిగా మాట్లాడాను. ఆయన తప్పేమీ లేదు. ఫోన్‌లో అడిగితే అందరూ "తోడు ఎక్కువ వెయ్యి" అన్నారు. నాలుగు చెంచాలు వేశాను. పులుపు వచ్చింది, పైన నీరు తేలింది, గడ్డ మాత్రం కట్టలేదు. పాలు బాగా వేడిగా ఉండగా వేశాను. అప్పుడు అసలు తోడుకోలేదు. "ఆరు గంటల్లో పెరుగు రెడీ" అని చెప్పేవాళ్ళు వంటగది ఎంత చల్లగా ఉందో ఒక్క మాటైనా చెప్పాలి కదా!

ఇంతలో మా అత్తగారు, ఆడపడుచు వచ్చారు. భోజనాల దగ్గర అత్తగారి విస్తట్లో పెరుగు వడ్డించి గరిటె పైకెత్తాను. గరిటెకీ అన్నానికీ మధ్య బెండకాయ జిగురులా తీగ సాగింది, తెగలేదు. అత్తగారు చేయి వెనక్కి తీసుకుని, "ఇదేంటమ్మా, పాలల్లో ఏం కలిపావు?" అన్నారు. వదిన విస్తరి పక్కకు జరిపింది. పన్నెండేళ్ళుగా వండి పెడుతున్నాను, ఆ ఇంట్లో ఎవరూ నన్ను అలా అడగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా పిన్ని కొడుకు డెయిరీలో పాల పరీక్షలు చేస్తాడు. వాడికి ఫోన్ చేస్తే, "అక్కా, పాలు కల్తీ కాదు, నీ తోడే మారిపోయింది" అన్నాడు. ఇంటి తోడులో రకరకాల సూక్ష్మజీవులు ఉంటాయట. నలభై డిగ్రీల దగ్గర చురుగ్గా పనిచేసేవి కొన్ని, ఇరవై దగ్గర హాయిగా పెరిగేవి కొన్ని. ఈ చల్లదనంలో పెరిగే వాటిలో కొన్ని జిగురు పదార్థాన్ని వదులుతాయి, తీగ సాగేది అందుకే. ఆ పెరుగునే మర్నాడు తోడుగా వేస్తే వాటి సంఖ్యే పెరుగుతూ పోతుంది. నేను వారం రోజులు చేసింది అదే. వాసన బాగుంటే ఆ పెరుగు పారేయక్కర్లేదు, మజ్జిగ చేసుకోవచ్చు కానీ తోడుకు మాత్రం పనికిరాదని చెప్పాడు.

పాల వేడి కొలిచే థర్మామీటరు కొని చూశాను. రాత్రి 42 డిగ్రీల దగ్గర తోడు వేసిన లీటరు పాలు మూడు గంటల్లో 24కి దిగిపోయాయి. అప్పటికి వంటగది 12. తోడు వేసే సమయానికి పాలు సరిగ్గానే ఉన్నాయి, ఆ వేడి నిలవలేదంతే. స్టీలు గిన్నె చల్లగా ఉంటే పాలు పోయగానే రెండు మూడు డిగ్రీలు అదే లాగేస్తుంది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. పక్కింటి మావుసి దగ్గర గట్టి పెరుగు ఒక చెంచా కొత్తగా తెచ్చుకున్నాను. గిన్నెను వేడినీళ్ళతో కడిగి, కాచి 45కి చల్లార్చిన లీటరు పాలు పోసి, ఒక పెద్ద చెంచా తోడు చిలికి కలుపుతాను. పెద్ద కుక్కర్లో గిన్నె సగం మునిగేంత నీళ్ళు 45 డిగ్రీల వేడిలో పోసి, అందులో గిన్నె పెట్టి, కుక్కరు మూత వేసి రెండు దుప్పట్లు చుడతాను. స్టవ్ వెలిగించకూడదు. నిన్న రాత్రి పదింటికి పెట్టి ఐదున్నరకు తెరిస్తే నీళ్ళు ఇంకా 34 ఉన్నాయి. పెరుగు గట్టిపడింది, గరిటెతో తీస్తే ముక్క అంచు నున్నగా తెగింది, తీగ లేదు. గట్టిపడగానే గిన్నె బయటికి తీసి చల్లటి చోట పెట్టాలి. ఆ వెచ్చదనంలోనే ఉంచేస్తే పులిసిపోతుంది.

వేసవిలో పర్లాకిమిడి వెళ్తే ఇవేవీ అక్కర్లేదు. పాలు చేతికి వెచ్చగా తగిలితే చాలు, పావు చెంచా తోడు వేసి నాలుగైదు గంటలకే చూడాలి.

ఈ ఉదయం మావుసి ఇంటికి ఒక గిన్నె పంపాను. అత్తగారికి కూడా ఫోన్ చేశాను. సంక్రాంతికి వస్తామన్నారు, గిన్నె నిండా తోడు పెడతాను.