కొత్త కార్డు వేసినా జీటీఏ 5 ఎందుకు నత్తనడక నడిచింది

నాలుగు కోర్ల పాత ఐ5 ప్రాసెసర్‌ను అలాగే ఉంచి గ్రాఫిక్స్ కార్డు మాత్రం మార్చాను. ఆ ఊపులో జీటీఏ 5లో ప్రతి స్లైడర్‌నూ కుడిచివరకు లాగేశాను. లాస్ శాంటోస్ నడిబొడ్డున కారు తోలుతుంటే సెకనుకు 45 ఫ్రేములు దాటడం లేదు. కార్డు వాడకమేమో 55 శాతం దగ్గరే ఉంది.

రిజల్యూషన్‌ను 1080p నుంచి 720pకి దించి అదే రోడ్డు మీద మళ్లీ వెళ్లాను. బొమ్మ మసకబారింది, ఫ్రేములు మాత్రం కదల్లేదు. పిక్సెళ్లు సగానికి పైగా తగ్గినా తేడా రాలేదంటే అడ్డం ప్రాసెసర్ దగ్గరే. టాస్క్ మేనేజర్‌లో మొత్తం వాడకం 100 శాతం కనబడక్కర్లేదు. డైరెక్ట్‌ఎక్స్ 11లో కార్డుకు ఆదేశాలు పంపే పని చాలావరకు ఒకే థ్రెడ్ మీద పడుతుంది, ఆ ఒక్కటి నిండితే చాలు.

ఒక్కో స్లైడరే తగ్గించి చూశాను. అన్నిటికంటే ఎక్కువ తేడా Extended Distance Scaling దగ్గర వచ్చింది. సున్నాకి తేగానే 55 ఫ్రేములు వచ్చాయి. దూరంలో ఉన్న భవనాలను, చెట్లను ఆట విడివిడిగా గీయదు. కొన్నిటిని కలిపేసిన ముతక మోడల్ ఒకటి పెడుతుంది. ఈ స్లైడర్ పెంచితే ఆ మార్పు జరిగే చోటు మన నుంచి ఇంకా దూరం జరుగుతుంది. దూరం రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలు. అందులోని స్తంభం, బోర్డు, కంచె దాదాపు ప్రతిదానికీ ప్రాసెసర్ వేరుగా ఆదేశం ఇవ్వాలి.

Extended Shadows Distance కూడా ఇదే బాపతు. నీడలంటే కార్డు పనే అనిపిస్తుంది కానీ, నీడ వేసే వస్తువులను సూర్యుడి వైపు నుంచి ఇంకోసారి గీయాలి. ఆదేశాలు మళ్లీ మొదటి నుంచి. దీన్నీ తగ్గిస్తే 60 అందింది.

Population Density సంగతి వేరు. సగటు పెద్దగా మారలేదు, కూడళ్లలో వచ్చే కుదుపులు పోయాయి. ఒక్కో మనిషి, ఒక్కో కారు ఎటు కదలాలో, దేన్ని గుద్దిందో లెక్కకట్టేది ప్రాసెసరే. సగానికి పెట్టాను. ఇంకా తగ్గిస్తే ఊరు కర్ఫ్యూ పెట్టినట్టుంది, అది నాకు నచ్చలేదు.

మెనూలో కనిపించే మెమరీ పట్టీ ఈ ప్రాసెసర్ భారం గురించి ఏమీ చెప్పదు. అది కార్డు మెమరీ లెక్క మాత్రమే.

మిగిలిన కార్డు బలాన్ని వస్తువుల అంచులను నున్నగా చేసే MSAAకి ఇచ్చాను, నగరంలో ఫ్రేములు తగ్గలేదు. బ్లెయిన్ కౌంటీ గడ్డి కొండల్లో మాత్రం కథ తిరగబడింది. కార్డు 98 శాతానికి వెళ్లింది, ప్రాసెసర్ తీరిగ్గా ఉంది. అక్కడ దించాల్సి వచ్చింది Grass Qualityని.