ఆర్గాన్‌లో ఆర్గాన్ కలిస్తే సున్నా: లెక్క తేలేదాకా

పర్లాకిమిడిలో మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీకొచ్చేసరికి ఇంగ్లీషు. మిశ్రణం అన్న మాట మాత్రం ఒడియాలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. రెండు వాయువులు కలిస్తే ఎంట్రోపీ ఎంత పెరుగుతుందన్న లెక్క డిగ్రీ రెండో ఏడు పిల్లలకి చెప్పడానికి కూర్చున్నప్పుడు నన్ను తిప్పలు పెట్టింది ఆ మాటే. కలవడం వల్లనే ఎంట్రోపీ పెరుగుతుందనుకుంటే, ఒకే వాయువు దగ్గర దారి మూసుకుపోతుంది.

ముందు తేలికైన లెక్క. ఒక పెట్టె మధ్యలో అడ్డుగోడ. ఎడమవైపు 1 మోల్ ఆర్గాన్, కుడివైపు 1 మోల్ నైట్రోజన్. రెండు వైపులా ఉష్ణోగ్రత 300 కెల్విన్, పీడనం 1 బార్. అంటే ఒక్కో గదికి దాదాపు 25 లీటర్లు. గోడ తీసేశాం. ఆదర్శ వాయువుల్లో ఒకదాని అణువులకి రెండోదాని ఉనికే తెలియదు, కాబట్టి ఆర్గాన్ మటుకు తన 25 లీటర్ల నుంచి 50 లీటర్లకి వ్యాకోచించినట్టే. నైట్రోజన్ కూడా అంతే.

```
ఒక్కో వాయువుకి: R ln 2 = 8.314 × 0.693 = 5.76 J/K
రెండింటికీ:      2R ln 2 = 11.53 J/K
```

ఇందులో కలవడం అన్నది ఎక్కడా లెక్కలోకి రాలేదు, గమనించండి. వచ్చినదల్లా వ్యాకోచమే. అనుమానం ఉంటే ఇంకో రకంగా చేసి చూడొచ్చు. 25 లీటర్ల ఆర్గాన్‌నీ 25 లీటర్ల నైట్రోజన్‌నీ అదే ఉష్ణోగ్రతలో ఒకే 25 లీటర్ల గదిలోకి చేర్చామనుకోండి. రెండూ పూర్తిగా కలిసిపోయాయి, కానీ దేని ఘనపరిమాణమూ మారలేదు. పీడనం 2 బార్లవుతుంది. ఎంట్రోపీ మార్పు సున్నా. నైట్రోజన్ ఉన్నా లేకపోయినా ఆర్గాన్‌కి అదే 25 లీటర్లు.

ఇప్పుడు నైట్రోజన్ బదులు కుడివైపు కూడా ఆర్గానే పెట్టాం. పిల్లలు పై లెక్కనే మళ్లీ రాసి 11.53 తెస్తారు. మొదటిసారి నా కాగితం మీద వచ్చిందీ అదే. అది తప్పని చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. గోడ తీయకముందూ తీసిన తర్వాతా ఉష్ణోగ్రత, పీడనం, సాంద్రత ఒక్కటే. గోడని తిరిగి దించితే మొదటి స్థితే వస్తుంది. ఏ పనీ చేయకుండా, ఏ వేడీ ఇవ్వకుండా మొదటి స్థితికి తిరిగి వచ్చామంటే, మధ్యలో 11.53 పెరిగి మాయమైందని చెప్పలేం.

తప్పు సూత్రంలో ఉంది. ఉష్ణోగ్రత మారనప్పుడు చాలామంది S = nR ln V + స్థిరాంకం అని రాస్తారు. వాయువు మోతాదు మారనంతవరకూ ఇది పనిచేస్తుంది, అందుకే ఆర్గాన్-నైట్రోజన్ లెక్కలో తప్పు బయటపడలేదు. కానీ ఆ స్థిరాంకం n మీద ఆధారపడుతుంది. ఒకే వాయువైనప్పుడు 1 మోల్ కాస్తా 2 మోల్స్ అవుతోంది, స్థిరాంకాన్ని అలాగే వదిలేస్తే కుదరదు. సరైన రూపం S = nR ln(V/n) + n × ఉష్ణోగ్రత మీద ఆధారపడే పదం. గోడ తీసినప్పుడు V రెట్టింపు, n రెట్టింపు, V/n మారదు. మార్పు సున్నా.

ఆ n ఎక్కడి నుంచి వచ్చిందని అడగని పిల్లలుండరు. గిబ్స్ 1870లలోనే ఈ చిక్కుని ఎత్తి చూపాడు, అందుకే దీన్ని గిబ్స్ విరోధాభాసం అంటారు. అణువులకి పేర్లు పెట్టి లెక్కపెడితే N అణువులకి V^N రకాల అమరికలు వస్తాయి. కానీ రెండు ఆర్గాన్ అణువులు స్థానాలు మార్చుకుంటే అది కొత్త అమరిక కాదు. కాబట్టి N! తో భాగించాలి. స్టిర్లింగ్ ఉజ్జాయింపు వాడితే ఆ భాగహారమే V/n గా మారుతుంది.

ఇక్కడ ఒక చిన్న చిక్కు, నాకు బాగా నచ్చినది. N! ని ఉజ్జాయింపు లేకుండా కచ్చితంగా లెక్కిస్తే, ఒకే వాయువుకి కూడా మార్పు సరిగ్గా సున్నా రాదు. గదికి N అణువులుంటే, N పెద్దదైనప్పుడు మిగిలేది ఇది, k అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం:

```
ΔS = (k/2) ln(πN)
```

గదికి 100 అణువులే ఉంటే ఇది దాదాపు 2.9k. పేర్లు పెట్టి లెక్కిస్తే 138.6k వచ్చేది. ఈ 2.9 ఎందుకు మిగిలిందంటే, గోడ ఉన్నప్పుడు ఎడమవైపు కచ్చితంగా 100 అణువులు. తీశాక 93 ఉండొచ్చు, 107 ఉండొచ్చు. ఆ కాస్త వెసులుబాటుకి వచ్చిన ఎంట్రోపీ అది. ఒక మోల్ దగ్గర ఇదే లెక్క దాదాపు 28k అవుతుంది, అంటే సుమారు 3.9 × 10⁻²² J/K. 11.53 పక్కన దీన్ని సున్నా అనడానికి మొహమాటపడక్కర్లేదు. సాధారణ స్టిర్లింగ్ ఉజ్జాయింపులో మనం వదిలేసే పదం సరిగ్గా ఇదే.

పరీక్షలో పిల్లలు జారేది ఇంకోచోట. "ఒకే వాయువైతే సున్నా" అని బట్టీపట్టి, పీడనం చూడరు. ఎడమ గదిలో 2 మోల్స్ ఆర్గాన్, కుడి గదిలో 1 మోల్ ఆర్గాన్, గదులు సమానం, ఉష్ణోగ్రత ఒకటే. గోడ తీస్తే 3 మోల్స్, 2V. ఒక్కో మోల్‌కి దక్కే చోటు 2V/3. ఎడమవాళ్లకి ఇంతకుముందు V/2, కుడివాళ్లకి V.

```
ΔS = 2R ln(4/3) + R ln(2/3)
   = R(0.575 − 0.405) = 0.170 R ≈ 1.41 J/K
```

ఇది కలవడం వల్ల వచ్చింది కాదు, పీడనాలు సమానమవడం వల్ల వచ్చింది. అదే చోట రెండు వేర్వేరు వాయువులుంటే 3R ln 2, అంటే 17.29. సున్నా రావాలంటే వాయువు ఒకటే కావడం చాలదు, పీడనమూ ఉష్ణోగ్రతా కూడా ఒకటే కావాలి.

చివరికి వచ్చే ప్రశ్న: "దాదాపు ఒకేలాంటి" వాయువులైతే? నియాన్‌లో 20, 22 ద్రవ్యరాశుల ఐసోటోపులున్నాయి. రసాయనంగా తేడా లేదన్నా చెల్లుతుంది. అయినా 1 మోల్ నియాన్-20, 1 మోల్ నియాన్-22 కలిస్తే 11.53 మొత్తం వస్తుంది, సగమో పాతికో కాదు. పోలికలు ఎంత దగ్గరైనా ఆ సంఖ్య తగ్గదు. రెండూ ఒకటే అయినప్పుడు ఒక్కసారిగా సున్నా.

దీనికి అర్థం పనిలో కనబడుతుంది. 300 కెల్విన్ దగ్గర 11.53 J/K అంటే సుమారు 3460 జౌళ్లు. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని ఆపే పొర దొరికితే, వాయువులు కలిసేటప్పుడు గరిష్ఠంగా అంత పని రాబట్టొచ్చు. విడదీయాలంటే కనీసం అంత పని పెట్టాలి. వేడి చేసిన పల్లేడియం రేకు హైడ్రోజన్‌ని పోనిచ్చి నైట్రోజన్‌ని ఆపుతుంది కాబట్టి అక్కడ అలాంటి పొర ఊహలోది కాదు. నియాన్ ఐసోటోపులకి ద్రవ్యరాశి తేడాయే పట్టు. ఎడమ గది ఆర్గాన్-40ని పోనిచ్చి కుడి గది ఆర్గాన్-40ని ఆపే పొరని మాత్రం ఎవరూ చేయలేరు. పట్టుకోవడానికి వాటి మధ్య తేడా ఏమీ లేదు.