ఆఫర్ లెటర్ చూపించకుండా డైలాగులు రాయమంటే ఎలా?

"బాబాయ్, కొత్త కంపెనీ వాళ్లతో రేపు మాట్లాడాలి. జీతం పెంచమని ఎలా అడగాలో నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసి పంపు." షార్జాలో ఎస్టిమేటర్‌గా పనిచేస్తున్న మా అన్నయ్య కొడుకు పెట్టిన మెసేజ్ ఇది. ఎంత ఇస్తామన్నారో, ఇప్పుడెంత వస్తోందో, ఇది కాకపోతే చేతిలో ఇంకేముందో ఒక్క మాట లేదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది ఇలాగే అడుగుతారు. మాట తీరు బాగుంటే డబ్బులు రాలతాయని నమ్మకం.

"ముందు ఆఫర్ లెటర్ ఫొటో పెట్టరా" అన్నాను.

మొత్తం 6,000 దిర్హాములు. అందులో బేసిక్ 2,400, ఇంటి అద్దెకు 1,800, రవాణాకు 800, ఇతర అలవెన్సు 1,000. ఇప్పుడు వాడికొస్తున్నది 4,500. వాడి లెక్కలో నెలకు 1,500 లాభం. ఇక అడగాల్సింది ఇంకో ఐదొందలేనని వాడి ఉద్దేశం.

కానీ పాత కంపెనీలో బేసిక్ 2,700. అంటే పైన మొత్తం పెరిగి, కింద బేసిక్ తగ్గింది. యూఏఈలో గ్రాట్యుటీ లెక్కకట్టేది బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. పాత చోట ఏడాదికి 1,890 జమవుతుంటే కొత్త చోట 1,680 అవుతుంది. ఓవర్‌టైమ్ ఉన్న ఉద్యోగమైతే ఆ లెక్కా బేసిక్ మీదే. కంపెనీలు మొత్తం అంకెను పెద్దగా చూపించి బేసిక్‌ను కుదించేది ఊరికే కాదు.

ఇంకొకటి అడిగాను, "ఇప్పుడు రూము ఎవరిది?" కంపెనీదే. పనికి వ్యానూ కంపెనీదే. కొత్త ఆఫీసు దుబాయ్‌లో. అక్కడ బెడ్ స్పేస్‌కు, అంటే నలుగురూ పంచుకునే గదిలో ఒక మంచానికి, 900 చెప్పారట, రానూపోనూ ఖర్చు 350 వేసుకున్నాడు. 1,500లో 1,250 అక్కడే పోతుంది. చేతికి మిగిలే పెంపు నెలకు 250. దానికోసం రెండేళ్లుగా తెలిసిన చోటు వదులుకుని కొత్త ప్రొబేషన్‌లో కూర్చోవాలి. అది ఆరు నెలల దాకా ఉండొచ్చు.

మార్కెట్ సంగతి వాడికే తెలియాలి. అదే పని, అంతే అనుభవం ఉన్న ఇద్దరు ముగ్గురిని వేరే కంపెనీల్లో అడిగి రమ్మన్నాను. మొత్తం ఒక్కటే కాదు, బేసిక్ ఎంతో, రూము ఇస్తారో లేదో కూడా అడగమన్నాను. ఇక్కడ పాస్‌పోర్టును బట్టి రేటు మారే కంపెనీలున్నాయి, అందుకే మనవాళ్ల అంకెలే కాకుండా మిగతావాళ్లవీ కనుక్కోవాలి. 6,500 నుంచి 7,200 దాకా వస్తున్నాయని సాయంత్రానికి చెప్పాడు.

అప్పుడు రాయడానికి ఏదో దొరికింది. చేతిలో ఉద్యోగం ఉంది కాబట్టి బతిమాలక్కర్లేదు. ఇంకో ఆఫర్ లేదు కాబట్టి ఉన్నట్టు చెప్పకూడదు. "ఎక్కడి నుంచి?" అని ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతాడు. ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్నవాడైతే ఇవే మాటలు రాసేవాణ్ని కాదు, బేసిక్ ఒక్కటే సర్దమని అడగమనేవాణ్ని.

రాసిన మాటల సారం ఇది: "మీతో పనిచేయాలని ఉందండి. ఇప్పుడు నాకు రూము, రవాణా కంపెనీదే. అవి తీసేస్తే మీ ఆఫర్‌లో నాకు పెరిగేది 250. మొత్తం 6,800, అందులో బేసిక్ 3,400 చేస్తే వచ్చేస్తాను. మొత్తం అంతవరకు పెంచలేకపోతే రూము ఇచ్చే వీలుందా?" అడిగాక ఆగమన్నాను. మనవాళ్లకు ఆ కాసేపు మౌనం భరించలేక "పర్లేదు సార్, మీ ఇష్టం" అనేయడం అలవాటు.

రూము కుదరదన్నారు. 6,400 దాకా వచ్చారు, బేసిక్ 3,200. ఖర్చులు పోను నెలకు 650 మిగులుతుంది, గ్రాట్యుటీ ఏడాదికి 2,240. నోటి మాట కాకుండా, కార్మిక శాఖ ఫార్మాట్‌లో వచ్చే ఆఫర్ లెటర్‌లో ఈ అంకెలు పడ్డాకే సంతకం పెట్టమన్నాను. తర్వాత చేసే కాంట్రాక్టు దానికి తగ్గట్టే ఉండాలి.

ఇక మిగిలింది పాత మేనేజర్. వాడి కాంట్రాక్టులో నోటీసు రెండు నెలలు, కొత్తవాళ్లు నెలలో రమ్మంటున్నారు. చెప్పకుండా వెళ్తే మిగిలిన నోటీసు కాలానికి జీతం ఎదురు కట్టాలి. ఊరి నుంచి వాణ్ని తీసుకొచ్చింది ఆయనే, కాబట్టి ఆయనకు మెయిల్ పెట్టొద్దని, ఎదురుగా వెళ్లి నెలకే వదలమని అడగమని చెప్పాను. ఆ మాటలు మాత్రం నన్ను రాయమని అడగలేదు. ఆయనతో తెలుగులోనే మాట్లాడతాడు.