లూడో డైరీ: 4 పడితే ఏ కాయ కదపాలి?

ఈమధ్య లూడోలో నేను పట్టుబట్టి నేర్చుకుంటున్నది ఒక్కటే: పాచిక పడ్డాక ఏ కాయ కదపాలో తేల్చుకోవడం. దానికోసం గడులకు అంకెలు వేసుకున్నాను. నా కాయ బయటికొచ్చే గడి 0. బోర్డు చుట్టూ 52 గడులు. 50 దాటాక నా రంగు దారిలోకి మలుపు. స్టార్ గుర్తుల బోర్డులో 0, 8, 13, 21, 26, 34, 39, 47 గడుల్లో ఉన్న కాయను ఎవరూ కొట్టలేరు. వీటిలో 13, 26, 39 మిగతా ముగ్గురూ బయలుదేరే చోట్లు.

నిన్నటి ఆటలో నా కాయ ఒకటి 43లో ఉంది, దాని వెనకే 40లో ఎదుటివాళ్ల కాయ. నాదే ఇంకోటి 10లో ఉంటే, 14లో మరొకరి కాయ కనిపిస్తోంది. నాకు 4 పడింది. 43ది కదిపితే 47లో స్టార్ ఎక్కుతుంది. 10ది కదిపితే 14లోది ఇంటికి పోతుంది.

ఇక్కడ ముందు చూడాల్సింది 14లో కాయ ఎవరిదని. 13లో బయలుదేరినవాళ్లదైతే అది నడిచింది ఒక్క గడే. దాన్ని కొడితే వాళ్లకు పోయేది ఆ గడి, ఇంకో ఆరు కోసం ఎదురుచూపు, అంతే. అప్పుడు నేను స్టారే ఎక్కేదాన్ని. కానీ అది 26లో బయలుదేరిన కాయ, అంటే 40 గడులు నడిచొచ్చింది. నా 43ను కొట్టాలంటే వెనకున్నవాళ్లకు సరిగ్గా 3 పడాలి, దాదాపు ఆరింట ఒక వంతు అవకాశం. సగటున నాకు 7 గడుల నష్టం, వాళ్లకు ఖాయంగా 40. కొట్టేశాను.

మేం ఆడే పద్ధతిలో కొడితే ఇంకో పందెం వస్తుంది. 5 పడితే 43దాన్ని 48కి జరిపాను. అది స్టార్ కాదు, కానీ 40 నుంచి ఎనిమిది గడుల దూరం. ఇప్పుడు వాళ్లకు 6, వెంటనే 2 పడాలి: 36లో ఒక వంతు. ఆరు గడులు దాటి ఉండటం స్టార్ తర్వాత అంతటి రక్షణ అని నాకు బాగా అర్థమైంది ఇక్కడే. 14లోని నా కాయ 13కి ఆనుకుని ఉన్నా, అప్పటికి 13 ఖాళీ. ఇంట్లోంచి రావాలంటే 6, ఆపై 1 పడాలి.

జంట కట్టడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. ఒకే గడిలో నా రెండు కాయలుంటే వెనకవాళ్లు దాటలేరని కొందరు ఆడతారు, దాటొచ్చుగానీ కొట్టకూడదని ఇంకొందరు. ఆటకు ముందే మాట్లాడుకోవాలి. ఏ పద్ధతైనా, కదపడానికి మూడో కాయ బయట ఉన్నప్పుడే జంట నిలుస్తుంది. లేకపోతే పడిన అంకెకు జంటలోంచే ఒకటి కదలాలి, రెండోది ఒంటరిగా మిగులుతుంది. అందుకే మూడోది బయటికి వచ్చేదాకా జంట జోలికి పోవడం లేదు.